ఇన్సిడెన్స్, ప్రివలెన్స్: రెండింటినీ విడదీసి లెక్కించడం, రోగ వ్యవధితో ముడిపెట్టడం ఎలా?

జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం లెక్కల్లో పక్కపక్కన పెట్టి చూడదగ్గ రెండు జతల అంకెలు ఉన్నాయి. 2014-15లో దేశంలో ప్రతి లక్ష జనాభాకు 9.73 మంది కొత్త కుష్ఠు రోగులను గుర్తించారు; ఆ సంవత్సరం ముగిసేనాటికి చికిత్సలో ఉన్నవారు ప్రతి పదివేల జనాభాకు 0.69 మంది. రెండేళ్ళ తరువాత, అంటే 2016-17లో, కొత్తగా గుర్తించినవారు లక్షకు 10.17కు పెరిగారు, కానీ సంవత్సరాంతాన చికిత్సలో ఉన్నవారు పదివేలకు 0.66కు తగ్గారు. కొత్తవారు పెరుగుతుండగా ఉన్నవారు తగ్గడం చూస్తే మొదటి సంవత్సరం విద్యార్థికి అచ్చుతప్పేమో అనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు. ఈ రెండు అంకెల మధ్య మూడో అంకె ఒకటి కనిపించకుండా ఉంది. దాన్ని బయటికి తీయడం ఎలాగో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

మొదట: ప్రశ్న ఎవరిని లెక్కపెట్టమంటోంది?

లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్నను రెండుసార్లు చదివి, అందులో అడిగినది "కొత్తగా ఎంతమందికి వచ్చింది" అనా, "ఇప్పుడు ఎంతమందికి ఉంది" అనా తేల్చుకోండి. ఒక నిర్ణీత కాలంలో రోగం కొత్తగా మొదలైనవారి లెక్క ఇన్సిడెన్స్. రోగం ఎప్పుడు మొదలైనా సరే, ఒక నిర్ణీత సమయాన అది ఉన్నవారి లెక్క ప్రివలెన్స్. తెలుగు పాఠాల్లో వీటికి సంభవం, ప్రాబల్యం అనే మాటలు కనిపిస్తాయి గాని, తరగతిలోను ప్రశ్నపత్రంలోను వినిపించేవి ఇంగ్లీషు మాటలే కాబట్టి ఇక్కడా వాటినే వాడుతున్నాను.

లవంలో ఎవరుండాలన్నది చాలామందికి తెలుసు, తడబడేది హారం దగ్గర. ఇన్సిడెన్స్ హారంలో రోగం కొత్తగా రావడానికి అవకాశం ఉన్నవారే ఉండాలి. ఇప్పటికే రోగం ఉన్నవారికి అది మళ్ళీ "కొత్తగా" రాదు కాబట్టి వారిని తీసివేయాలి. గర్భాశయ క్యాన్సర్ ఇన్సిడెన్స్ లెక్కించేటప్పుడు పురుషులను ఎందుకు చేర్చరో, గర్భసంచి తొలగించిన స్త్రీలను కూడా అందుకే చేర్చకూడదు. ప్రివలెన్స్ హారంలో మాత్రం ఆ సమయాన ఆ జనాభాలో ఉన్న అందరూ, రోగులతో సహా, ఉంటారు.

రెండవది: గీతలు గీసి లెక్కపెట్టండి

నిర్వచనాలు వల్లెవేయడం కంటే ఒక చిన్న ఉదాహరణను చేత్తో గీసి చూడటం మేలు. ఒక హాస్టల్ గదుల్లో పదిమంది విద్యార్థులు ఉన్నారనుకోండి. జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు వారిలో గజ్జి ఎవరికి ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తగ్గిందో మీరు రాసుకున్నారు. గజ్జి ఒకసారి తగ్గినా మళ్ళీ అంటుకుంటుంది, హాస్టల్‌లో దుప్పట్లు, తువ్వాళ్ళు పంచుకునేవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు. అయితే ఈ లెక్క సులువుగా ఉండటానికి ఒక్కొక్కరిలో మొదటిసారి వచ్చినదాన్నే తీసుకుందాం. కింది పటంలో ఒక్కొక్క గుర్తు ఒక నెల. `#` అంటే గజ్జి ఉన్న నెల, `-` అంటే లేని నెల. వరుస మొదట్లో ఉన్నది రోల్ నంబరు.

```
 1  ##----------
 2  ####--------
 3  ---##-------
 4  -----###----
 5  ---------###
 6  ------
 7  ------------
 8  ------------
 9  ------------
10  ------------
```

ఒకటి, రెండు నంబర్లవారు జూన్ 1న హాస్టల్‌కు వచ్చేసరికే గజ్జితో ఉన్నారు. మూడో నంబరు విద్యార్థికి సెప్టెంబరు 1న, నాలుగో నంబరుకు నవంబరు 1న, అయిదో నంబరుకు మార్చి 1న కొత్తగా మొదలైంది. ఆరో నంబరు విద్యార్థి ఆరోగ్యంగానే ఉండి, నవంబరు 30న హాస్టల్ ఖాళీచేసి వెళ్ళిపోయాడు. మిగిలిన నలుగురికి ఏడాది పొడవునా ఏమీ లేదు.

ముందుగా ప్రివలెన్స్ చూడండి. జూన్ 1న గీత మీద నిలువుగా ఒక స్కేలు పెడితే అది రెండు `#` గుర్తులను తాకుతుంది: పదిమందిలో ఇద్దరు, అంటే 20 శాతం. సెప్టెంబరు 15న పెడితే రెండో నంబరు, మూడో నంబరు తగులుతారు: మళ్ళీ 20 శాతమే, కానీ మనుషులు వేరు. డిసెంబరు 15న నాలుగో నంబరు ఒక్కడే తగులుతాడు, అయితే ఆరో నంబరు వెళ్ళిపోయాడు కాబట్టి హారం పది కాదు, తొమ్మిది: 11.1 శాతం. ఇలా ఒక తేదీన తీసేదాన్ని పాయింట్ ప్రివలెన్స్ అంటారు. ఏడాది మొత్తంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జి ఉన్నవారిని లెక్కిస్తే అయిదుగురు, అంటే 50 శాతం. ఇది పీరియడ్ ప్రివలెన్స్. అందులో పాతవారిద్దరు, కొత్తవారు ముగ్గురు కలిసిపోయి ఉంటారు కాబట్టి ఏది ఎందుకు పెరిగిందో దానినిబట్టి చెప్పడం కష్టం. నా మట్టుకు నేను దాన్ని వీలైనంత తక్కువగా వాడతాను.

ఇప్పుడు ఇన్సిడెన్స్. కొత్తగా వచ్చినవారు ముగ్గురు. హారంలో పదిమందిని వేసి 30 శాతం అని రాయాలనిపిస్తుంది, కాని ఒకటి, రెండు నంబర్లవారికి జూన్ 1నే గజ్జి ఉంది కాబట్టి, కొత్తగా రాగల అవకాశం ఉన్నవారు ఎనిమిదిమందే: 8లో 3, అంటే ఏడాదికి 37.5 శాతం. దీన్ని క్యుములేటివ్ ఇన్సిడెన్స్ అంటారు. దీనిలోనూ ఒక చిన్న లోపం ఉంది. ఆరో నంబరు విద్యార్థిని మనం ఆరునెలలే చూశాం, తరువాతి ఆరునెలల్లో అతనికి గజ్జి వచ్చిందో లేదో తెలియదు, అయినా అతన్ని పూర్తి మనిషిగానే హారంలో వేశాం.

ఆ లోపాన్ని సరిదిద్దడానికే మనుషులకు బదులు వారు రోగం లేకుండా మన కళ్ళముందు గడిపిన కాలాన్ని హారంగా తీసుకుంటారు. మూడో నంబరు గజ్జి వచ్చేదాకా 3 నెలలు, నాలుగో నంబరు 5 నెలలు, అయిదో నంబరు 9 నెలలు, ఆరో నంబరు వెళ్ళిపోయేదాకా 6 నెలలు, మిగిలిన నలుగురు ఒక్కొక్కరు 12 నెలల చొప్పున 48 నెలలు ఇచ్చారు. మొత్తం 71 వ్యక్తి-నెలలు. ముగ్గురిని 71తో భాగిస్తే 0.042, అంటే ప్రతి 100 వ్యక్తి-నెలలకు దాదాపు 4.2 కొత్త కేసులు. ఇదే ఇన్సిడెన్స్ రేటు. వ్యవధితో ముడిపెట్టే సూత్రంలో వాడవలసింది దీన్నే.

ఇక్కడ ప్రమాణాలను గమనించండి. ప్రివలెన్స్ ఒట్టి శాతం. దాని వెనుక "ఏడాదికి" అన్న మాట ఉండదు. ఇన్సిడెన్స్ రేటు వెనుక ఆ మాట తప్పనిసరిగా ఉంటుంది. ప్రివలెన్స్ రేటు అనే పదబంధం ప్రభుత్వ నివేదికల్లో కూడా నిలదొక్కుకుపోయింది గాని, ఖచ్చితంగా చూస్తే అది రేటు కాదు, ఒక నిష్పత్తి మాత్రమే.

మూడవది: వ్యవధి ఎక్కడ ప్రవేశిస్తుందో వార్డులో చూడండి

సూత్రం రాసుకునే ముందు ఒక ఆసుపత్రి వార్డును ఊహించుకోండి. అక్కడ రోజుకు నలుగురు కొత్త రోగులు చేరుతారు, ప్రతి ఒక్కరూ సరిగ్గా అయిదు రోజులుండి ఇంటికి వెళతారు. మొదటిరోజు వార్డు ఖాళీగా ఉందనుకుంటే ఆ సాయంత్రానికి నాలుగు పడకలు నిండుతాయి. రెండో రోజుకు ఎనిమిది, మూడో రోజుకు పన్నెండు, నాలుగో రోజుకు పదహారు, అయిదో రోజుకు ఇరవై. ఆరో రోజు నలుగురు చేరుతారు, కానీ మొదటిరోజు చేరిన నలుగురు ఇంటికి వెళ్ళిపోతారు కాబట్టి నిండిన పడకలు ఇరవైయే. ఏడో రోజూ ఇరవైయే. అక్కడినుంచి మీరు ఏ రోజు రౌండ్స్‌కు వెళ్ళినా లెక్క మారదు.

రోజుకు నలుగురు చేరడం ఇన్సిడెన్స్, అయిదు రోజులు ఉండటం వ్యవధి, నిండిన ఇరవై పడకలు ప్రివలెన్స్. నాలుగును అయిదుతో గుణిస్తే ఇరవై.

ఇప్పుడు చికిత్స మెరుగుపడి రోగులు మూడు రోజులకే ఇంటికి వెళ్ళడం మొదలైతే పడకలు పన్నెండే నిండుతాయి. బయట రోగం ఏమాత్రం తగ్గలేదు, చేరేవారు రోజుకు నలుగురే. కానీ వార్డు ఖాళీగా కనిపిస్తుంది. వార్డును మాత్రమే చూసేవారికి ఊళ్ళో జబ్బు తగ్గుముఖం పట్టినట్టు అనిపిస్తుంది. ఈ ఒక్క పొరపాటును పట్టుకోగలిగితే ఈ పాఠంలో సగం అర్థమైనట్టే.

అదే వార్డు మరో విషయం కూడా చూపిస్తుంది. రోజుకు పదిమంది రెండు రోజుల జబ్బుతో, ఇద్దరు పది రోజుల జబ్బుతో చేరుతున్నారనుకోండి. మొదటి రకంవారు 10 × 2 = 20 పడకల్లో, రెండో రకంవారు 2 × 10 = 20 పడకల్లో ఉంటారు. చేరేవారిలో రెండో రకం ఆరింట ఒక వంతే అయినా, రౌండ్స్‌లో మీకు సగం పడకల్లో వారే కనిపిస్తారు. ఒకరోజు సర్వే చేసి "ఈ జబ్బు సాధారణంగా చాలాకాలం ఉంటుంది" అని తేల్చేవారు పడే గుంట ఇదే. ఎక్కువకాలం ఉండే రోగులే సర్వే వలలో ఎక్కువగా పడతారు, త్వరగా నయమైనవారూ త్వరగా చనిపోయినవారూ తప్పించుకుపోతారు. అందుకే ఒక రోగానికి కారణం ఏమిటో వెదికేటప్పుడు కొత్త కేసులను తీసుకోవాలి, పాతవారిని కాదు.

నాలుగవది: సూత్రం, దాని షరతులు

ప్రివలెన్స్‌ను P అని, ఇన్సిడెన్స్ రేటును I అని, రోగం సగటున ఉండే కాలాన్ని D అని రాసుకుంటే, వార్డులో చూసిన సంబంధం ఇది:

```
P = I × D
```

ఇది ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి రాబట్టుకుంటే షరతులు వాటంతట అవే బయటపడతాయి. N మంది జనాభాలో P వంతు రోగులైతే, రోగం లేనివారు N(1 − P) మంది. ఏడాదిలో కొత్తగా రోగులయ్యేవారు I × N(1 − P). రోగం సగటున D సంవత్సరాలు ఉంటే, ఉన్న NP మంది రోగుల్లో ఏడాదికి NP ÷ D మంది నయమై గాని మరణించి గాని ఆ గుంపు నుంచి బయటికి వెళతారు. గుంపు పెరగక తరగక నిలకడగా ఉన్నప్పుడు వచ్చేవారూ పోయేవారూ సమానం కాబట్టి:

```
I × (1 − P) = P ÷ D
P ÷ (1 − P) = I × D
```

అసలు సూత్రం ఈ రెండోది. రోగం అరుదైనదైతే 1 − P దాదాపు 1 అవుతుంది కాబట్టి అది P = I × D గా కుదించుకుపోతుంది. ఎంత అరుదైతే సరిపోతుందో రెండు లెక్కలు చేసి చూడండి. ఏడాదికి వెయ్యికి ఇద్దరికి వచ్చే రోగం అయిదేళ్ళు ఉంటుందనుకుంటే, చిన్న సూత్రం 0.002 × 5 = 0.010 అని, పెద్ద సూత్రం 0.010 ÷ 1.010 = 0.0099 అని చెబుతాయి. తేడా పట్టించుకోనవసరం లేదు. ఏడాదికి వందకు అయిదుగురికి వచ్చి పదేళ్ళు ఉండే రోగానికైతే చిన్న సూత్రం 50 శాతం అంటుంది, పెద్ద సూత్రం 0.5 ÷ 1.5, అంటే 33.3 శాతం అంటుంది. ప్రివలెన్స్ పదిశాతం దాటుతున్నట్టు అనిపిస్తే చిన్న సూత్రాన్ని పక్కన పెట్టండి.

రెండో షరతు నిలకడ. ఇన్సిడెన్స్, వ్యవధి రెండూ చాలాకాలంగా మారకుండా ఉంటేనే ఈ సమీకరణం నిలుస్తుంది. వార్డులో మూడో రోజున లెక్కిస్తే పన్నెండే వచ్చింది గుర్తుందా? నాలుగు అయిదుల ఇరవై కావలసింది పన్నెండు కావడానికి కారణం వార్డు ఇంకా నిండకపోవడమే. కళ్ళకలక ఇందుకు మంచి ఉదాహరణ. ఒక ఊళ్ళో ఏడాదికి వెయ్యిమందిలో 73 మందికి కళ్ళకలక వస్తుందని, ఒక్కొక్కరికి పది రోజులు ఉంటుందని ఊహించుకోండి. D ని సంవత్సరాల్లో రాస్తే 10 ÷ 365. అప్పుడు P = 73 × 10 ÷ 365 = వెయ్యికి 2. లెక్క తప్పు లేదు, కానీ కళ్ళకలక వర్షాలు పడే రోజుల్లో ఒక్కసారిగా చెలరేగి తరువాత మాయమయ్యే జబ్బు. అది చెలరేగిన వారంలో సర్వే చేస్తే వెయ్యికి 2 కంటే ఎంతో ఎక్కువ వస్తుంది, ఎండాకాలంలో చేస్తే సున్నా రావచ్చు. ఆ 2 అనేది ఏడాది పొడవునా తీసిన సగటే తప్ప ఏ ఒక్కరోజు అంకె కాదు.

పై లెక్కలో మరొకటి గమనించారో లేదో. పది రోజులను పదిగానే వేసి 73 × 10 = 730 అని రాసేవారు ప్రతి ఏడూ ఉంటారు. జవాబు పత్రాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ఇన్సిడెన్స్ ఏడాదికి ఉంటే వ్యవధి కూడా ఏడాదుల్లోనే ఉండాలి. నెలలకు ఉంటే నెలల్లోనే.

అయిదవది: కుష్ఠు అంకెలను విప్పి చూడటం

ఇప్పుడు మొదట్లో వదిలేసిన రెండు జతల దగ్గరకు వద్దాం. సూత్రాన్ని తిప్పి రాస్తే D = P ÷ I. రెండు అంకెలు తెలిస్తే మూడోది దొరుకుతుంది.

మొదట ప్రమాణాలు కలపండి. కొత్త కేసులు లక్షకు, ప్రివలెన్స్ పదివేలకు ఇచ్చారు. పదివేలకు 0.69 అంటే లక్షకు 6.9, పదివేలకు 0.66 అంటే లక్షకు 6.6. ఇక భాగించండి.

```
2014-15:  6.9 ÷  9.73 = 0.709 ఏడాది = 8.5 నెలలు
2016-17:  6.6 ÷ 10.17 = 0.649 ఏడాది = 7.8 నెలలు
```

కనిపించకుండా ఉన్న మూడో అంకె ఇదే. కొత్త కేసులు కొద్దిగా పెరిగినా, ఒక్కొక్క రోగి పేరు రిజిస్టరులో ఉండే సగటు కాలం 8.5 నెలల నుంచి 7.8 నెలలకు తగ్గింది కాబట్టి ఉన్నవారి సంఖ్య తగ్గింది.

ఈ ఎనిమిది నెలల దరిదాపు అంకె నిజమా అని మీరు అడగాలి. కుష్ఠు శరీరంలో ఏళ్ళ తరబడి ఉండే రోగం, సూక్ష్మజీవి ప్రవేశించాక లక్షణాలు బయటపడటానికే సగటున అయిదేళ్ళు పడుతుందంటారు. అటువంటిదానికి ఎనిమిది నెలల వ్యవధి ఏమిటి? దీనికి జవాబు "రోగి" అనే మాటకు కార్యక్రమం ఇచ్చిన నిర్వచనంలో ఉంది. రిజిస్టరులో లెక్కకు వచ్చేది చికిత్స పొందుతున్నవారు మాత్రమే. బహుళ ఔషధ చికిత్సలో మచ్చలు అయిదు వరకే ఉన్న పాసీబాసిలరీ రోగులకు ఆరు నెలలు, అంతకు మించి ఉన్న మల్టీబాసిలరీ రోగులకు పన్నెండు నెలలు మందులిస్తారు. మందుల కోర్సు ముగిసిన రోజున ఆ పేరును రిజిస్టరు నుంచి తీసివేస్తారు, స్పర్శ పోయిన చేయి, ముడుచుకుపోయిన వేళ్ళు అలాగే ఉన్నా సరే. కాబట్టి ఇక్కడ D అంటే రోగం ఉన్న కాలం కాదు, మందులు మింగిన కాలం.

కొత్త రోగుల్లో రెండు రకాలవారూ సుమారు చెరిసగం ఉన్నందున D సగటున తొమ్మిది నెలలు ఉండాలి. మనకు 7.8 వచ్చింది. ఈ తేడా రావడానికి కోర్సు మధ్యలో మానేసినవారి పేర్లు తీసివేయడం ఒక కారణం కావచ్చు. 2016లో పెద్దయెత్తున జరిగిన ఇంటింటి వెతుకులాట మరో కారణం కావచ్చు. సెప్టెంబరులో దొరికిన పాసీబాసిలరీ రోగి ఆరునెలల కోర్సు మార్చి ముగిసేలోపే పూర్తవుతుంది, ఆ తరువాత ఏప్రిల్ 1న తీసే లెక్కలో అతను ఉండడు. అతను ఆ ఏడాది కొత్త కేసుల్లో ఉన్నాడు, సంవత్సరాంతపు ప్రివలెన్స్‌లో లేడు. ఇది నిలకడ షరతు తప్పిన సందర్భం.

ఇక ఈ లెక్కను ఒక అడుగు ముందుకు నడిపించి చూడండి. 1990ల చివరిదాకా మల్టీబాసిలరీ చికిత్స పన్నెండు నెలలు కాదు, ఇరవైనాలుగు నెలలు. 2016-17లో కూడా ఆ పాత పద్ధతే నడుస్తున్నదని ఊహించుకుంటే సగటు D = (6 + 24) ÷ 2 = 15 నెలలు, అంటే 1.25 ఏడాది.

```
P = 10.17 × 1.25 = 12.7 (లక్షకు) = 1.27 (పదివేలకు)
```

ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలన అయినట్టు ప్రకటించడానికి పెట్టుకున్న గీత పదివేలకు 1 కంటే తక్కువ. 1983లో 57.8గా ఉన్న ఆ అంకె 2005 డిసెంబరులో 0.95కు దిగి, మన దేశం జాతీయ స్థాయిలో ఆ గీత దాటింది. పై లెక్క చెబుతున్నదేమంటే, ఒక్క కొత్త రోగి తేడా లేకుండా, చికిత్స కాలం ఎంతన్నదాన్నిబట్టి దేశం ఆ గీతకు కిందనైనా ఉండవచ్చు, పైనైనా ఉండవచ్చు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేయకముందు డాప్సోన్ ఒక్కటే మందు, దాన్ని తీవ్ర రకం రోగులు జీవితాంతం వేసుకునేవారు. ఒకసారి రిజిస్టరులోకి ఎక్కిన పేరు దిగేది కాదు. జీవితకాలం నుంచి రెండేళ్ళకు, అక్కడినుంచి ఏడాదికి D కుంచించుకుపోయినప్పుడు P ఎలా పడిపోతుందో మీరే ఊహించవచ్చు. మందు గొప్పదనాన్ని నేను కాదనడం లేదు, లక్షలమందిని అంగవైకల్యం నుంచి కాపాడింది అదే. కానీ రోగం అంటుకోవడం ఎంత తగ్గిందో తెలుసుకోవాలంటే 57.8, 0.95 అనే రెండు అంకెలను పోల్చడం సరైన దారి కాదు. ఏటా బయటపడే కొత్త కేసులను, ముఖ్యంగా పిల్లల్లో కనిపించే కొత్త కేసులను, వరుసగా చూడాలి.

కొత్తగా గుర్తించినవారి సంఖ్య కూడా నిజమైన ఇన్సిడెన్స్ కాదని ఇక్కడే రాసుకోండి. గుర్తించడం అనేది వెదికేవారి శ్రద్ధను బట్టి ఉంటుంది. వెతుకులాట ఆపేస్తే కొత్త కేసులు తగ్గినట్టు కనిపిస్తాయి, తీవ్రం చేస్తే పెరిగినట్టు కనిపిస్తాయి. ఆ తేడాను పట్టుకోవడానికి ఒక మార్గం ఉంది: కొత్త రోగుల్లో బయటికి కనిపించే వైకల్యంతో వచ్చినవారి వాటా పెరుగుతుంటే, రోగులు ఆలస్యంగా దొరుకుతున్నారని, అంటే వెతుకులాట సరిగా లేదని అర్థం.

ఆరవది: వ్యవధి పెరిగితే

కుష్ఠులో చికిత్స D ని తగ్గించింది. చికిత్స D ని పెంచే రోగాలూ ఉన్నాయి. రోగి గుంపు నుంచి బయటపడే దారులు రెండు, నయం కావడం, మరణించడం. నయం చేయలేక, మరణాన్ని మాత్రం వాయిదా వేయగల మందు వచ్చినప్పుడు ప్రివలెన్స్ పెరుగుతుంది. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేనాటికి టైప్ 1 మధుమేహం వచ్చిన పిల్లలు ఎక్కువగా ఒకటి రెండేళ్ళకు మించి బతికేవారు కాదు. లెక్క కోసం ఏడాదికి లక్షకు 10 మందికి ఆ రోగం వస్తుందనుకుంటే, D ఏడాదిన్నర ఉన్నప్పుడు P లక్షకు 15. ఇన్సులిన్‌తో నలభై ఏళ్ళు బతికితే P లక్షకు 400. అయితే ఆ 400 మరుసటి ఏడే రాదు. వార్డు అయిదో రోజుకు నిండినట్టు, ఈ గుంపు నిండటానికి నలభై ఏళ్ళు పడుతుంది. హెచ్.ఐ.వి.కి మన దేశంలో 2004 ఏప్రిల్‌లో ఉచితంగా ఏ.ఆర్.టి. మందులు ఇవ్వడం మొదలైన తరువాతి లెక్కలు చదివేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. వైరస్‌తో జీవిస్తున్నవారి సంఖ్య తగ్గకపోవడం ఆ మందులు పనిచేస్తున్నాయనడానికి ఒక గుర్తు కూడా కావచ్చు.

రేబిస్ ఇందుకు పూర్తిగా ఎదురు కొస. లక్షణాలు మొదలయ్యాక రోజుల్లోనే ప్రాణం పోతుంది కాబట్టి ఏ రోజు సర్వే చేసినా ప్రివలెన్స్ దాదాపు సున్నా. ఆ సున్నాను చూసి ఏ జిల్లా అధికారీ కుక్కకాటు టీకాలు తెప్పించడం మానుకోడు.

ఒక లెక్క మీరే చేయండి

ఒక జిల్లా జనాభా 20 లక్షలు. అక్కడ ఏటా 4,000 మందికి కొత్తగా క్షయ ఉన్నట్టు గుర్తిస్తున్నారు, చికిత్స ఆరు నెలలు, అందరూ కోర్సు పూర్తిచేస్తున్నారనుకుందాం. ఏదో ఒక రోజున మందులు వాడుతున్నవారు ఎంతమంది? ప్రివలెన్స్ లక్షకు ఎంత? అందరికీ ఎనిమిది నెలల చికిత్స ఇవ్వవలసి వస్తే ఏమవుతుంది?

4,000 అనేది ఏడాదికి. కాబట్టి ఆరు నెలలను 0.5 ఏడాదిగా రాయండి. 4,000 × 0.5 = 2,000 మంది. 20 లక్షలకు 2,000 అంటే లక్షకు 100. ఇన్సిడెన్స్ లక్షకు ఏడాదికి 200 అయినా ప్రివలెన్స్ దానిలో సగమే, ఎందుకంటే వ్యవధి ఏడాదిలో సగం. ఎనిమిది నెలలైతే 4,000 × 8 ÷ 12 = 2,667 మంది, లక్షకు సుమారు 133. మందుల గోదాములో ఏ రోజు ఎంతమందికి సరిపడా నిల్వ ఉండాలో చెప్పేది ఈ అంకె. మీ జవాబులో 24,000 వచ్చిందంటే ఆరు నెలలను ఆరు సంవత్సరాలుగా వేశారన్నమాట. జిల్లాలో ఏటా 4,000 మందికే వచ్చి ఆరు నెలల్లో తగ్గిపోయే జబ్బు ఒకేరోజున 24,000 మందికి ఉండటం కుదరదు కాబట్టి, లెక్క తిరిగి చూడకుండానే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.